సోమవారం పొద్దున ఆగిపోయే కంప్యూటర్

తాండూరులో ఒక రక్తపరీక్షల సెంటర్ ఉంది. బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరం. రెండు గదులు, ముందు ఒక వరండా, కింద నాపరాళ్లు. పొద్దున ఏడు కాకముందే పరగడుపున వచ్చినవాళ్లు ఆ వరండాలో కూర్చుని ఉంటారు. ఆ సెంటర్ కంప్యూటర్ బాధ్యత నాది. నేనుండేది వికారాబాద్‌లో. ఒకప్పుడు ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు నేర్పేదాన్ని. అది మూతపడ్డాక చిన్న చిన్న చోట్ల కంప్యూటర్లు చూసుకునే పనిలో కుదురుకున్నాను. ఒక బడి, రెండు క్లినిక్‌లు, విత్తనాల దుకాణం, ఈ సెంటర్. అన్నింట్లోనూ విండోస్ బదులు లినక్సే వేశాను. వైరస్‌ల గొడవ ఉండదని, పాత యంత్రాల మీద కూడా నడుస్తుందని.

ఆ సెంటర్‌లో యంత్రం ముందు కూర్చునేది ఒక అక్క. ల్యాబ్ టెక్నీషియన్. బంట్వారం వైపు ఒక పల్లె వాళ్లది. అమ్మానాన్నలు కూలికి పోయి చదివించారట. ఇరవై ఏళ్లుగా ఇదే పని. సూది గుచ్చితే పిల్లలు కూడా ఏడవరని ఆమెకు పేరు. రక్తం పరీక్షించే యంత్రం నుంచి వచ్చే అంకెలు కంప్యూటర్‌లోకి వస్తాయి, ఆమె సరిచూసి రిపోర్టు తీస్తుంది, డాక్టర్ సార్ సంతకం పెడతాడు. సెంటర్ ఆయనదే.

ఒక సోమవారం పొద్దున ఎనిమిదింటికి అక్క ఫోన్ చేసింది.

“చెల్లె, సిస్టం మల్ల ఆగిపోయింది. మౌస్ కదుల్తలేదు, గడియారం గూడ ఆడ్నే నిలబడ్డది. సార్ బటన్ ఒత్తిపట్టి బంద్ జేసి మల్ల ఆన్ జేసిండు. గిప్పుడు మంచిగనే నడుస్తుంది.”

“మళ్లా అంటున్నవ్. ఇంతకు ముందు గూడ అయిందా?”

“అయింది. రెండు మూడు సార్లయింది. ఆన్ జేస్తే మంచిగనే అయితుందని నీకు జెప్పలే.” కొంచెం ఆగి గొంతు తగ్గించింది. “సార్ నా మీదికి తెస్తున్నడు. నేను సిస్టంకు ఫోన్ చార్జింగ్ పెడ్తనంట, గందుకే గిట్లయితుందంట. నేను గోడకున్న ప్లగ్గుకే పెడ్త చెల్లె.”

ఆ రోజు బడిలో పని ముందే ఒప్పుకున్నాను. అది ముగించుకుని రైలెక్కి, తాండూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. నిజం చెప్పాలంటే నాకేమీ బెదురు లేదు. ఆగిపోయిన కంప్యూటర్ ఎందుకు ఆగిందో అదే రాసిపెట్టుకుంటుంది. లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ, వాటన్నింటినీ నడిపే కెర్నలూ ఏం చేస్తున్నాయో జర్నల్ అనే లాగ్‌లో గడియారం టైముతో సహా పడుతూ ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్నదే కాదు, అంతకు ముందు ఆన్ అయినప్పటి జర్నల్‌ను కూడా విడిగా చదవొచ్చు. అందులో చివరి పుట చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆ పని ఇంతకు ముందు ఎన్నోసార్లు చేశాను.

డాక్టర్ సార్ తన గదిలోంచి బయటికొచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. పొద్దుటి రద్దీలో ఓపిక మాత్రం తక్కువ.

“ఏమున్నదమ్మా, దుమ్మే గదా? ఊరంత బండల దుమ్మే. లేదంటె ఆ ఫోన్ చార్జింగే.”

“చూసి చెప్తా సార్,” అన్నాను.

ముందు డబ్బా విప్పి ఫ్యాన్ చూశాను. దుమ్ముంది కానీ ఫ్యాన్ తిరగకుండా చేసేంత లేదు. దులిపేసి మళ్లీ బిగించి, కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి journalctl -b -1 అని కొట్టాను. బి అంటే బూట్, అంటే ఒకసారి ఆన్ అయినప్పటి నుంచి ఆగేదాకా. మైనస్ ఒకటి అంటే ఇప్పటికంటే ముందుది. చివరి పుట వస్తుందని చూస్తుంటే, దాచిపెట్టిన జర్నల్ ఏదీ దొరకలేదు అని ఒక్క వాక్యం వచ్చింది. ఉన్న బూట్ల పట్టిక అడిగాను. ఒక్కటే వరుస. ఆ పొద్దున ఆన్ చేసినప్పటి నుంచి ఇప్పటిదాకా. దానికి ముందు ఏమీ లేదు.

ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. ఈ యంత్రంలో మొదట ఒక పాత చిన్న డిస్క్ ఉండేది. అది అరిగిపోకుండా ఉండాలని, జర్నల్‌ను డిస్క్ మీద కాక మెమరీలోనే ఉంచమని సెట్టింగ్ మార్చింది నేనే. తర్వాత కొత్త డిస్క్ వేశాను కానీ ఆ సెట్టింగ్ సంగతి మరిచిపోయాను. మెమరీలో ఉన్నది పవర్ పోగానే పోతుంది. అంటే మూడు నాలుగు సార్లు ఆగిపోయినప్పుడల్లా యంత్రం రాసుకున్నదంతా, సార్ బటన్ ఒత్తిన క్షణాన తుడిచిపెట్టుకుపోయింది.

అక్క నా మొహం చూసి, “ఏమైంది?” అంది.

“పాత లాగ్ లేదక్కా. ఉండకుండా చేసింది నేనే.”

ఆమె వరండాలోకి కేకేసి టీ తెప్పించింది.

సెట్టింగ్ ఫైల్ తెరిచి జర్నల్‌ను డిస్క్ మీద దాచమని మార్చాను. ఇంకొకటి కూడా మార్చాను. జర్నల్ మామూలు సంగతులను వెంటనే డిస్క్‌కు గట్టిగా రాసెయ్యదు, కొన్ని నిమిషాలకొకసారి రాస్తుంది. మరీ ప్రమాదమైన సంగతి అయితేనే అప్పటికప్పుడు రాస్తుంది. బిగుసుకుపోయిన యంత్రానికి ఆ కొన్ని నిమిషాలే కీలకం. అందుకని పది సెకన్లకొకసారి రాయమన్నాను. జర్నల్ రాసే సర్వీసును మళ్లీ మొదలుపెట్టి, మెమరీలో ఉన్నదాన్ని డిస్క్‌కు చేర్చి, ఒకసారి రీస్టార్ట్ చేసి చూశాను. ఈసారి పట్టికలో రెండు వరుసలు కనిపించాయి.

“అక్కా, ఇంకోసారి ఆగితే వెంటనే బటన్ ఒత్తొద్దు. గోడ గడియారంలో టైము చూసి రాసిపెట్టు. అయిదు నిమిషాలు ఆగు. తర్వాత బంద్ చేసి ఆన్ చెయ్యి. తర్వాత నాకు ఫోన్ చెయ్యి.”

“అయిదు నిమిషాలంటె సార్ ఊకుంటడా? ఈడ వరండా నిండ జనముంటరు. తినకుండ వచ్చిన ముసలోళ్లుంటరు.”

“నేను సార్‌కు చెప్తా.”

చెప్పాను. ఆయన తలాడించాడు గానీ వినలేదని నాకు తెలుసు. నేను చెప్పులేసుకుంటుంటే, అక్క వినేటట్టే అన్నాడు. “గింకోసారి అయితే ఈమెను ఊర్ల మీద శాంపిల్లు తెచ్చే పనికి వేస్త. ఈడికి వేరేటోళ్లను సూస్త.”

ఊళ్ల మీద శాంపిళ్లంటే కరణ్‌కోట దాకా, ఇంకా అవతల దాకా, బస్సుల్లో ఆటోల్లో ఐస్ డబ్బా పట్టుకుని తిరగడం. అక్కకు మోకాళ్ల నొప్పి. ఆమె కర్చీఫ్‌తో టేబుల్ తుడుస్తూ ఉండిపోయింది. ఆ ఇంటిదారి రైల్లో నాకు మొదటిసారి కొంచెం బరువుగా అనిపించింది. నేను పాత లాగ్ ఉంచి ఉంటే ఈ మాట ఆ మధ్యాహ్నమే తేలిపోయేది.

వారమంతా ఫోన్ రాలేదు. రోజూ సాయంత్రం నేనే అడిగేదాన్ని. మంచిగనే నడుస్తుంది అనేది. మళ్లీ సోమవారం ఎనిమిది కాకముందే ఫోన్ మోగింది.

“ఆగింది చెల్లె. ఏడు ముప్పై అయిదుకు ఆగింది, రాసిపెట్టిన. నేను ఆగుదమన్న. సార్ ఊకోలే. అయిదు నిమిషాలు గూడ కాకముందే వచ్చి బంద్ జేసిండు.”

“పర్వాలేదక్కా. నేను వస్తున్న.”

ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోలేదు. పదింటికల్లా సెంటర్‌లో ఉన్నాను. వరండాలో ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. అక్క చేత్తో రాసిన రిపోర్టులు పక్కన పేర్చి ఉన్నాయి. డాక్టర్ సార్ నా వెనకే వచ్చి నిలబడ్డాడు. మైనస్ ఒకటి తెరిచి చివరికి వెళ్లాను. ఒక్కొక్క సర్వీసూ వరుసగా ఆగిపోతూ, డిస్క్ శుభ్రంగా మూసుకుని, ఆఖరున రీబూట్ అని ఉంది. బిగుసుకుపోయిన గుర్తు ఏదీ లేదు.

“ఏం లేదు గదా ఇండ్ల?” అన్నాడు సార్.

నేనూ ఒక క్షణం తెల్లబోయాను. తర్వాత టైములు చూశాను. ఆ బూట్ మొదలైంది ఏడు నలభైకి, ముగిసింది ఏడు నలభై మూడుకు. మూడు నిమిషాల బతుకు.

“సార్, మీరు రెండుసార్లు ఆన్ చేసిండ్రా?”

“ఆఁ. ఒకసారి బటన్ ఒత్తి ఆన్ చేసిన. మల్ల ఎందుకైనా మంచిదని రీస్టార్ట్ కొట్టిన.”

అదీ సంగతి. మైనస్ ఒకటి ఆయన అనుమానం తీర్చుకున్న బూట్. నాకు కావలసింది దానికి ముందుది, మైనస్ రెండు. పట్టిక తెరిచి చూస్తే అదీ ఉంది. ఏడు ఇరవై ఎనిమిదికి మొదలైంది, చివరి మాట ఏడు ముప్పై నాలుగుకు. మైనస్ రెండు అని కొట్టి చివరి పుటకు వెళ్లాను.

ఈసారి సర్వీసులు ఆగిన వరుస లేదు. మూసుకున్నట్టు లేదు. మాట మధ్యలో తెగిపోయినట్టు ఉంది. పద్ధతిగా బంద్ అయిన యంత్రానికీ, బటన్ ఒత్తి చంపిన యంత్రానికీ తేడా అక్కడే కనిపిస్తుంది. మొదట కెర్నల్ మాటలు ఒక్కటే వడకట్టి చూశాను. వేడి ఎక్కువైతే కెర్నల్ ప్రాసెసర్ వేగం తగ్గించి ఆ మాట రాస్తుంది. అలాంటిది ఒక్కటీ లేదు. డిస్క్ తప్పులు లేవు. యూఎస్‌బీకి ఏదైనా తగిలిస్తే అదీ రాస్తుంది. ఆన్ అయినప్పుడు కీబోర్డు, మౌస్, ప్రింటర్ కనిపించాయి. ఆ తర్వాత కొత్తగా ఏదీ తగలలేదు.

“సార్, ఇటు చూడండి,” అన్నాను. “ఫోన్ పెట్టి ఉంటే ఇక్కడ పడేది. పడలే. వేడి గురించీ లేదు. దుమ్మూ కాదు, ఫోనూ కాదు.”

ఆయన ముందుకు వంగి చూశాడు. అక్క సూది పట్టుకున్న చేయి ఆగింది. తర్వాత మళ్లీ ఎదుటి ముసలాయన చేతి మీద నరం వెతుక్కుంది.

“మరేంది?” అన్నాడు సార్.

అన్ని మాటలూ కలిపి పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చాను. ఏడు ఇరవై తొమ్మిదికి ఒక వరుస. వారపు బ్యాకప్ మొదలవుతోంది. దానికి ఎదురు ముగిసింది అన్న వరుస ఎక్కడా లేదు. ఏడు ముప్పై మూడుకు జర్నల్ తన గురించి తనే రాసుకుంది. మెమరీ ఒత్తిడిలో ఉన్నాను, దాచుకున్నది వదిలేస్తున్నాను అని. అదే మాట ఇంకోసారి. తర్వాత ఖాళీ.

రిపోర్టులన్నింటికీ నకలు తీసి దాచే ఆ బ్యాకప్ ప్రోగ్రామ్ రాసింది నేనే. ఆ పేరు పెట్టింది నేనే. ఆదివారం తెల్లవారుజామున రెండింటికి నడవాలని పెట్టాను. సెంటర్ మూసి ఉంటుంది, ఎవరికీ అడ్డం కాదని. మరి సోమవారం పొద్దున ఏడున్నరకు ఎందుకు మొదలైంది?

“సార్, కంప్యూటర్‌ను సాయంత్రం బంద్ చేస్తున్నరా?”

“చేస్తున్నం. నెల నుంచి. కరెంటు ఎక్కువ తక్కువ అయితుంది, రాత్రి బంద్ చెయ్యుండ్రని యూపీఎస్ పెట్టినాయనే చెప్పిండు. ఇంతకు ముందు ఎప్పుడూ నడిచేదే ఉండె.”

నేను కుర్చీలో వెనక్కి వాలాను. కరెంటు పోయినప్పుడు బ్యాకప్ తప్పిపోకూడదని, తప్పిన టైమును గుర్తుపెట్టుకుని మళ్లీ ఆన్ కాగానే నడపమని, బ్యాకప్‌ను మొదలుపెట్టే టైమర్‌కు చెప్పి ఉంచాను. పర్సిస్టెంట్ అని ఒక మాట. ఆదివారం యంత్రం బంద్. సోమవారం అక్క ఆన్ చెయ్యగానే టైమర్ తప్పిన పనిని గుర్తుచేసుకుని మొదలుపెట్టేది. ఒకసారి మొదలుపెట్టాక, పని అయినా కాకపోయినా, ఆ వారానికి అయిపోయినట్టే లెక్క. అందుకే బటన్ ఒత్తి ఆన్ చేస్తే మళ్లీ వచ్చే సోమవారం దాకా ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

“అక్కా, ఇదివరకు ఆగిన రోజులు గుర్తున్నయా?”

ఆమె చేతి తొడుగులు తీసేసి శాంపిళ్ల రిజిస్టర్ తెచ్చింది. ఆగిన రోజున పక్కన సిస్టం బంద్ అని చిన్న అక్షరాలతో రాసుకుంది. మూడు సోమవారాలు. ఒక మంగళవారం.

“సోమవారం రద్దీ ఎక్కువ గదా, గందుకే అనుకున్నం,” అంది.

“మరి మంగళవారం?”

ఆమె పుట తిప్పింది. “గా వారం సోమవారం పండుగ. మనం సెంటర్ తియ్యలే.”

ఆగుతున్నది రద్దీ రోజున కాదు, ఆదివారం దాటాక మొదటిసారి ఆన్ చేసిన రోజున; ఆ మంగళవారంతో నాకు మిగిలిన కాస్త సందేహం తీరిపోయింది. అయినా లాగ్ చెప్పింది ఎక్కడ చూడాలో మాత్రమే. మెమరీ తిన్నది బ్యాకప్పేనని కళ్లతో చూడాలనుకున్నాను. పన్నెండు దాటి వరండా ఖాళీ అయ్యాక, అక్కను రిపోర్టుల ప్రోగ్రామ్, బ్రౌజర్ పొద్దుట తెరిచినట్టే తెరిచి ఉంచమని చెప్పి, నేను బ్యాకప్‌ను చేత్తో మొదలుపెట్టి ఖాళీ మెమరీ ఎంతుందో చూస్తూ కూర్చున్నాను. ఫైళ్లను వీలైనంత గట్టిగా కుదించు, ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లూ వాడు అని నేనే రాసి ఉన్నాను. అలా కుదిస్తే ఒక్కొక్క కోర్ ఒక జీబీకి పైగా తింటుంది. ఆదివారం ఎవరూ లేనప్పుడు ఈ యంత్రానికున్న ఎనిమిది జీబీల మెమరీలో అది సరిపోయేది. పొద్దుట అన్నీ తెరిచి ఉన్నప్పుడు సరిపోదు. పైగా ఈ యంత్రంలో స్వాప్ పెట్టలేదు, మెమరీ నిండితే పక్కకు పెట్టుకునే చోటే లేదు. అంకె కిందికి జారడం మొదలైంది. మూడు జీబీలు, రెండు, ఒకటి. మౌస్ అంటుకుపోతున్నట్టు కదిలింది. వెంటనే ఆపేశాను. మెమరీ మళ్లీ పైకొచ్చింది. అక్క నా భుజం మీదుగా చూస్తూనే ఉంది.

డాక్టర్ సార్ భోజనానికి పోబోతుంటే ఆపాను. అక్కను కూడా అక్కడే ఉండమన్నాను.

“సార్, తప్పు నాది. ఆ బ్యాకప్ నేను రాసిందే. మీరు రోజూ బంద్ చెయ్యడం మొదలుపెట్టినాక అది సోమవారం పొద్దునకు వచ్చింది. అక్క ఏమీ చెయ్యలే. ఇంకో సంగతి, ఈ నెల రోజుల నుంచి బ్యాకప్ ఒక్కటి గూడ పూర్తి కాలే. ఇయ్యాల కూర్చుని తీసిపోత.”

ఆయన తెర వైపు ఒకసారి చూశాడు. “నువ్వే చెప్పుకుంటున్నవ్ గాబట్టి ఏమనాలె,” అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. “ఫోన్‌ది కాదంట. నేనే పొరపాటు పడ్డ. నువ్ నీ కుర్చీల కూసో.”

“మంచిది సార్,” అంది ఆమె. ఆయన పోయాక కుర్చీలో కూర్చుని మోకాలు నిమురుకుంది. నేను ఆమెను క్షమించమని అడగబోయాను. “ఊకో,” అంది. “అన్నం తిన్నవా లేదా?” ఆమె డబ్బా విప్పింది. జొన్నరొట్టె, పుంటికూర. ఇద్దరం సగం సగం తిన్నాం.

ఆ మధ్యాహ్నం బ్యాకప్‌ను ఒక్క కోర్‌తో, తేలికగా కుదించేటట్టు మార్చాను. ఎంత చేసినా ఒక జీబీకి మించి మెమరీ ముట్టకూడదని ఆ సర్వీసుకు హద్దు పెట్టాను. తప్పిన పనిని ఆన్ కాగానే అందుకునే ఆ మాట తీసేశాను. శనివారం మధ్యాహ్నం, యంత్రం నడుస్తున్నప్పుడే, జనం లేనప్పుడు నడవాలని పెట్టాను. చిన్న స్వాప్ కూడా ఇచ్చాను. ఒక పూర్తి బ్యాకప్ బయటి డిస్క్ మీదికి తీసి, అందులోంచి ఒక పాత రిపోర్టు తెరిచి చూసి, అది సరిగానే ఉందని నమ్మకం కుదిరాకే లేచాను. ఆ వారంలోనే మిగిలిన నాలుగు చోట్లకూ పోయి యంత్రాలు వరుసగా చూశాను. బడిలో కూడా జర్నల్ మెమరీలోనే ఉంది. మార్చేశాను.

తర్వాతి సోమవారం మొదటి రైలుకే పోయి, ఏడింటికి అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆమె ఆన్ చేసింది. ఏడున్నర అయింది, ఎనిమిది అయింది. రిపోర్టులు ఒకదాని వెనక ఒకటి ప్రింటర్‌లోంచి వస్తూనే ఉన్నాయి. నేను అక్కడున్న సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదు. తొమ్మిదింటికి అక్క నా వైపు తిరిగింది.

“గా పాతది చూసేది నాకు గూడ జూపించు చెల్లె. మల్ల ఎప్పుడన్న అయితే నీకోసం ఎదురుచూడకుండ నేనే జూసుకుంట.”

చూపించాను. పట్టిక ఎలా తెరవాలి, దానిలో ముందుది ఏది, దానికంటే ముందుది ఏది, చివరి పుటకు ఎలా పోవాలి, సరిగ్గా బంద్ అయితే ఎలా ఉంటుంది, తెగిపోతే ఎలా ఉంటుంది. ఆమె రిజిస్టర్ ఆఖరి పుటలో తెలుగు అక్షరాల్లోనే రాసుకుంది, మధ్యలో గీతలూ అంకెలూ వేసుకుంటూ. రెండుసార్లు నా ముందే చేసి చూపించింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను విత్తనాల దుకాణంలో ఉండగా ఫోన్ చేసింది. “చెల్లె, సిస్టం దానంతట అదే బంద్ అయి మల్ల ఆన్ అయింది. నేను మైనస్ ఒకటి చూసిన. ఆఖరుకు ఏం లేదు, తెగిపోయినట్టుంది. మెమరీ మాట లేదు, వేడి మాట లేదు. పక్క గదిల ఫ్రిజ్ గూడ గప్పుడే ఆగి మల్ల మొదలయింది. నాకైతే కరెంటు పోయొచ్చిందనే అనిపిస్తుంది, యూపీఎస్ నిలబెట్టలే. గా యూపీఎస్ ఆయనకు ఫోన్ జేసిన, వస్తున్నడు. నువ్ రావద్దు, ఊకనే చెప్దమని చేసిన.”